కేక్ కుంగితే బహూ చేతిని అనకండి

పోయిన ఈద్ మర్నాడు వాడరేవులో మా ఆపా ఇంటికి వెళ్లాను. చీరాల నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలోనే వాళ్ల ఇల్లు. షీర్ ఖుర్మా అయింది, కబుర్లయ్యాయి. ఆపా వాళ్ల కొత్త బహూ వంటింట్లోంచి ఎంతకీ బయటికి రావడం లేదు. ఏమైందమ్మా అని లోపలికి తొంగి చూశాను. గట్టు మీద ఒక కేక్. అంచులు నిలబడే ఉన్నాయి, మధ్యలో గుంట. ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టుంది.

ఇంట్లో అప్పటికే ఫైస్లా అయిపోయింది. "నజర్ తగిలింది" అంది ఆపా అత్తగారు. "నజరూ లేదు, గిజరూ లేదు. ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది, ఒక్కొక్కరి చేతిలో ఉండదు" అంది ఇంకో పెద్దావిడ. ఆ మాట ఆ పిల్లకు వినపడింది. వినపడాలనే అన్నారు కూడా. పెళ్లయ్యాక మొదటి ఈద్. పుట్టింటి నుంచి వచ్చిన ఓవెన్ మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి ఆరు నెలలైంది. ఆ గుడ్డ తీసి మొదటిసారి వాడింది ఆ రోజే.

నేను పత్రికల మనిషిని. ఇల్జామ్ వేసే ముందు అవతలి పక్షాన్ని కూడా ఒక మాట అడగాలన్నది మా వృత్తి నేర్పిన అలవాటు. అందుకే బహూను మూడు ప్రశ్నలు అడిగాను. ఓవెన్ ఎప్పుడు ఆన్ చేశావు? టిన్ను ఏ మెట్టు మీద పెట్టావు? అయిందని ఎలా తెలుసుకున్నావు?

"లోపల పెట్టి ఆన్ చేశాను మామూ" అంది. "పై మెట్టు మీద పెట్టాను, వేడి బాగా తగులుతుందని. ఫోన్‌లో ముప్పై అయిదు నిమిషాలు అన్నారు, ముప్పై అయిదుకి ఆపేశాను. పైన మంచి రంగు కూడా వచ్చింది."

చాకు తీసుకుని కేక్‌ను నిలువుగా కోశాం. అడుగున వేలు మందాన ఒక పట్టీ, హల్వాలా బిగుసుకుపోయి, జిగటగా ఉంది. మధ్యలో ఇంకా పచ్చి. పైన మాత్రం ముదురు గోధుమ రంగు. కసూర్ ఎక్కడుందో ఆ ముక్కలోనే కనిపిస్తోంది. అది చేతిది కాదు, వేడిది. ఆ మూడు జవాబుల్లోనూ ఆ పిల్ల తప్పేమీ లేదని కూడా అంటాను. ఎందుకంటే ఆ మూడింటినీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. వంటల వీడియోల్లో "ప్రీహీట్ చేసిన ఓవెన్‌లో పెట్టండి" అని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లకేమో ఓవెన్ అంటేనే కొత్త.

మన ఇళ్లలో వంటంతా అందాజ్ మీద నడుస్తుంది. అమ్మీని బిర్యానీలో ఉప్పెంత అంటే "అందాజ్‌గా వేయి" అనేది. అది చేతనైన వాళ్లను చూస్తే నాకు అసూయ. అయితే కేక్ దగ్గరికి వచ్చేసరికి మనం ఆ అందాజ్‌ను తలకిందులుగా వాడుతున్నాం. తూకంలో, ఓవెన్ వేడిలో అందాజ్ పనికిరాదు, అక్కడ వాడుతున్నాం. ఉడికిందా లేదా అన్న చోట అందాజ్ తప్ప ఇంకేదీ పనికిరాదు, అక్కడ గడియారాన్ని నమ్ముతున్నాం. ఈ రెంటినీ వాటి వాటి చోట్ల పెడితే సగం కేకులు కుంగవు. ఇవాళ నా వాదన ఇంతే.

ముందు ఆ గిన్నెలో ఏముందో చూద్దాం. ఆ రోజు బహూ చేసింది సాదా స్పాంజ్. నాలుగు గుడ్లు, 120 గ్రాముల చక్కెర, 120 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు, కాస్త వెనీలా. వెన్న లేదు, బేకింగ్ పౌడర్ లేదు. ఈ కేక్‌ను పైకి లేపేది గుడ్ల నురగలో ఇరుక్కున్న గాలి మాత్రమే. గుడ్లూ చక్కెరా కలిపి ఎలక్ట్రిక్ బీటర్‌తో ఎనిమిది, పది నిమిషాలు గిలకొడితే మూడింతలై, తెల్లగా, చిక్కగా అవుతుంది. బీటర్ ఎత్తితే ధారగా జారి, పైన గీతలా మూడు నాలుగు సెకన్లు నిలిచి, తర్వాత కలిసిపోవాలి. అప్పుడు జల్లించిన మైదాను మూడు విడతలుగా చల్లి, గరిటెతో అడుగు నుంచి పైకి తీస్తూ, తిరగేస్తున్నట్టు కలపాలి. సముద్రపు గాలికి వాడరేవులో మైదా ఉండలు కడుతుంది కాబట్టి రెండుసార్లు జల్లించినా నష్టం లేదు.

మైదా పడిన క్షణం నుంచి ఆ నురగకు ఆయుష్షు తగ్గడం మొదలవుతుంది. బుడగలు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవై పైకి వచ్చి పగిలిపోతాయి, వాటి మధ్య ఉన్న తడి మెల్లగా కిందికి దిగుతుంది. ఓవెన్ వేడిగా ఉంటే ఆ బుడగల్లో గాలి వ్యాకోచిస్తుంది, తడి ఆవిరై వాటిని ఇంకా ఉబ్బిస్తుంది, ఆ ఉబ్బిన ఆకారంలో ఉండగానే గుడ్డూ మైదా గట్టిపడి గోడల్లా నిలబడతాయి. ఓవెన్ చల్లగా ఉంటే ఇదంతా ఆలస్యమవుతుంది. వేడి వచ్చేలోపు బుడగలు పోతాయి, తడి అడుగుకు చేరుతుంది. ఈద్ నాటి కేక్ అడుగున కనిపించిన హల్వా పట్టీ అదే.

బేకరీల్లో టిన్నులు వరసగా పెట్టి ఓవెన్ కోసం నిదానంగా ఆగుతారు కదా అని మీకు అనిపించవచ్చు. వాళ్లు చాలాచోట్ల కేక్ జెల్ వాడతారు. అది నురగను పట్టి ఉంచుతుంది. మన గిన్నెలో అది లేదు. అందుకే ఓవెన్ మన కోసం ఆగాలి తప్ప, నురగ ఓవెన్ కోసం ఆగకూడదు.

ఓవెన్ వేడెక్కడమంటే ఏమిటో నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు, మా చచా దగ్గర. ఆయన చీరాలలో ఒక బేకరీలో కట్టెల భట్టీ దగ్గర పనిచేశారు. ఉర్దూ మీడియం స్కూల్ వదలగానే నేను నేరుగా అక్కడికి పోయేవాణ్ణి, పగిలిన బిస్కెట్ల ఆశతో. భట్టీలో కట్టెలు కాలి నిప్పులయ్యాక వాటిని ఊడ్చేసి, నేల మీద తడిగుడ్డ తిప్పేవారు. తర్వాత చారెడు మైదా లోపల చల్లి చూసేవారు. వెంటనే నల్లబడితే ఇంకా ఆగాలి. మెల్లగా గోధుమ రంగుకు వస్తే బ్రెడ్ పెట్టాలి. బ్రెడ్ అయ్యాక, వేడి కాస్త దిగాక కేకులు. వాటి తర్వాత, దిగిపోతున్న వేడిలో రస్కులు ఆరేవి. గోడకు గడియారం ఉండేది, కానీ చచా దాన్ని నమాజు వేళ కోసం తప్ప చూసేవారు కాదు. అయినా భట్టీ సిద్ధం కాకుండా పిండి లోపలికి పంపడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. అందాజ్ అంటే గుడ్డిగా చేయడం కాదని, ముందు చూసి తర్వాత చేయడమని నాకు అక్కడే అర్థమైంది.

ఆ భట్టీకీ మన ఇంటి ఓటీజీకీ తేడా గోడల్లో ఉంది. భట్టీ గోడలు ఇటుకలవి. తలుపు తీసినా వేసినా వేడిని పట్టి ఉంచుతాయి. మన ఓవెన్ గోడలు పల్చటి రేకు. లోపలి గాలి పది నిమిషాల్లో వేడెక్కిపోతుంది, గోడలూ ర్యాకూ ఇంకా వెనకబడే ఉంటాయి. ఆ సమయంలో తలుపు తీస్తే ఉన్న వేడిగాలి కాస్తా బయటికి పోతుంది. దాన్ని తిరిగి నింపడానికి గోడల్లో నిల్వ ఏమీ ఉండదు. "గాలి వేడెక్కింది" వేరు, "ఓవెన్ వేడెక్కింది" వేరు.

మరి ఎలా తెలుస్తుంది? థర్మోస్టాట్ చక్రాన్ని 180కి తిప్పి, పైన కింద రెండు రాడ్లూ పనిచేసేలా పెట్టండి. గాజు తలుపులోంచి రాడ్లు చూడండి. ఎర్రగా మెరుస్తున్నంతసేపూ ఓవెన్ ఇంకా ఎక్కుతోందని అర్థం. ఒక దశలో ఆ ఎరుపు తగ్గి ఆరిపోతుంది. చాలామంది అక్కడే తలుపు తీస్తారు. తీయకండి. ఆరిన రాడ్లు మళ్లీ వెలిగి, మళ్లీ ఆరేదాకా ఆగండి. అప్పటికి గోడలు కూడా వేడి పట్టి ఉంటాయి. ముందున్న చిన్న లైటును మాత్రం తొందరపడి నమ్మొద్దు. కొన్ని ఓవెన్లలో అది రాడ్లతో పాటే ఆరుతుంది, కొన్నింట్లో టైమర్ తిరుగుతున్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. మీది ఏ రకమో ఒక్కసారి గమనిస్తే చాలు. టైమర్ 'టింగ్' మన్నంత మాత్రాన ఓవెన్ సిద్ధమైనట్టు కాదు. మీరు తిప్పిన నిమిషాలు అయిపోయాయని మాత్రమే దాని మాట. పైగా టైమర్ సున్నాకు రాగానే రాడ్లకు కరెంటు ఆగిపోతుంది. అందుకే ప్రీహీట్‌కు టైమర్ పదికి కాదు, పెద్ద అంకెకు తిప్పాలి.

మన వైపు ఇంకో చిక్కు ఉంది, వోల్టేజీ. సాయంత్రం అందరి ఇళ్లలో మోటార్లూ ఏసీలూ మొదలయ్యాక ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద అంకె చూడండి. 230 ఉండాల్సింది ఒక్కోసారి 190కి దిగుతుంది. చూడటానికి నలభయ్యే తగ్గింది. కానీ రాడ్ ఇచ్చే వేడి వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 190ని 230తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే 0.68 వస్తుంది. అంటే 1600 వాట్ల ఓవెన్ ఆ సాయంత్రం సుమారు 1090 వాట్లదే. మూడింట ఒక వంతు వేడి పోయింది. ఓవెన్ 180కి చేరుతుంది, కానీ బాగా ఆలస్యంగా చేరుతుంది. హైదరాబాద్‌లో ఎవరో పది నిమిషాల్లో ప్రీహీట్ అయిందంటే, వాడరేవులో ఈద్ సాయంత్రం అది ఇరవై దాటవచ్చు. నిమిషాలు లెక్కపెట్టకుండా రాడ్లను చూడమనేది అందుకే.

చక్రం మీద 180 అని ఉంటే లోపల 180 ఉందా అన్న షక్ కూడా జరూర్ పెట్టుకోవాలి. చిన్న ఓవెన్లలో ఇరవై, ముప్పై డిగ్రీల తేడా మామూలే. ఓవెన్ థర్మామీటర్ కొని లోపల వేలాడదీస్తే తేలిపోతుంది. అది లేకపోతే చక్కెరను సాక్షిగా పిలవండి. చక్కెర దాదాపు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రేకు కాగితం మీద ఒక చెంచా చక్కెర పోసి, పూర్తిగా వేడెక్కిన ఓవెన్‌లో చక్రాన్ని 175 దగ్గర ఉంచి పావుగంట పెట్టండి. కరగకూడదు. కరిగిందంటే మీ ఓవెన్ చెప్పినదానికంటే వేడిగా ఉంది. తర్వాత కొత్త చక్కెరతో 190 దగ్గర పావుగంట. ఈసారి కరగాలి. కరగలేదంటే ఓవెన్ చల్లగా ఉంది. ఎన్ని డిగ్రీల తేడానో ఇది కచ్చితంగా చెప్పదు, ఏ వైపు తేడానో చెబుతుంది. చక్రాన్ని ఎటు జరపాలో తెలియడానికి అది చాలు.

ఇక మెట్టు సంగతి. పై మెట్టు మీద పెడితే వేడి బాగా తగులుతుందని బహూ అనుకుంది. తగులుతుంది, నిజమే. కానీ ఎక్కడ తగులుతుంది? దీన్ని మనవాళ్లకు వివరించడం చాలా తేలిక, ఎందుకంటే మనకు దమ్ తెలుసు. దేగ్ కింద నిప్పులు, మూత మీద నిప్పులు. మూత మీద ఎన్ని బొగ్గులు వేయాలో ఆలోచించి వేస్తాం. ఎక్కువైతే పై అన్నం ఎండిపోతుంది, తక్కువైతే పైన తడి మిగులుతుంది. ఓటీజీలో పై రాడ్ ఆ మూత మీది నిప్పులే. కింది రాడ్ దేగ్ కింది నిప్పులు. పై మెట్టు మీద టిన్ను పెట్టడమంటే మూత తీసేసి నిప్పులను అన్నానికి నాలుగు వేళ్ల దూరంలో వేలాడదీయడం. పైపొర ముందే గట్టిపడి రంగు తేరుతుంది, మధ్యలో పచ్చిగానే ఉంటుంది. ఆ రంగు చూసి అయిపోయిందని మనం మోసపోతాం. ఆ రోజు జరిగింది అదే.

"మధ్య మెట్టు" అని రాసినా అదీ పూర్తిగా సరైన మాట కాదు. ఓవెన్ మధ్యలో ఉండాల్సింది మెట్టు కాదు, కేక్. టిన్ను మూడు అంగుళాల ఎత్తు ఉంటుంది, కేక్ ఇంకాస్త లేస్తుంది. ర్యాక్ సరిగ్గా మధ్యలో పెడితే కేక్ మధ్య కంటే పైన ఉన్నట్టే. కాబట్టి ఖాళీ టిన్నును చల్లటి ఓవెన్‌లో పెట్టి చూడండి. టిన్ను నడుము ఓవెన్ నడుముకు సరిపోయే మెట్టు ఏదో అదే మీ మెట్టు. చిన్న ఓటీజీల్లో చాలాసార్లు అది కింది నుంచి రెండోది అవుతుంది. ఇది ఆన్ చేయకముందే చూసుకోవాలి, వేడెక్కాక ర్యాక్ మార్చబోతే చేతులు కాలతాయి, వేడీ పోతుంది. టిన్ను గోడలకు తగలకుండా చుట్టూ రెండు వేళ్ల సందు ఉంచాలి, గాలి తిరగడానికి. కింద పెద్ద ట్రే పరిచి దాని మీద టిన్ను పెట్టే అలవాటు కొందరికి ఉంది. ఆ ట్రే కింది రాడ్ వేడిని అడ్డుకుంటుంది. వైర్ ర్యాక్ మీదే నేరుగా పెట్టండి. ఓవెన్‌లో ఫ్యాన్ ఉండి అది తిరుగుతుంటే వేడి త్వరగా పాకుతుంది, అప్పుడు చక్రాన్ని 20 డిగ్రీలు తగ్గించి 160 దగ్గర ఉంచాలి.

ఇంతవరకూ అందాజ్‌కు చోటు లేదన్నాను. ఇక్కడి నుంచి గడియారానికి చోటు లేదు. వీడియోలో ఆవిడ చెప్పిన 35 నిమిషాలు ఆవిడ టిన్నుకు, ఆవిడ ఓవెన్‌కు, ఆవిడ ఊరి వోల్టేజీకి వర్తిస్తాయి. అదే పిండిని ఎనిమిది అంగుళాల టిన్నులో పోస్తే ఒక లెక్క, ఆరు అంగుళాల టిన్నులో లోతుగా పోస్తే ఇంకో లెక్క. గడియారం మీకు ఒక్కటే చెప్పగలదు, ఎప్పటిదాకా తలుపు తీయకూడదో. చెప్పిన సమయంలో మూడు వంతులు గడిచేదాకా తీయకండి. అప్పటిదాకా గోడలు గట్టిపడి ఉండవు, చల్లగాలి తగిలితే లోపలి గాలి కుంచించుకుని కేక్ కూర్చుంటుంది.

ఆ తర్వాత గవాహీ కేక్ దగ్గరే తీసుకోవాలి. మొదట ముక్కు. పచ్చి గుడ్డు వాసన పోయి, వేగిన కమ్మటి వాసన ఇల్లంతా వస్తే లోపల చాలాభాగం ఉడికిందని. తర్వాత కన్ను. అంచు టిన్ను గోడను వదిలి వెంట్రుక వాసి లోపలికి జరుగుతుంది. అప్పుడు తలుపు తీసి వేలు. సరిగ్గా మధ్యలో వేలి కొసతో మెల్లగా నొక్కితే పరుపులా తిరిగి లేవాలి. గుంట అలాగే ఉండిపోతే ఇంకా కావాలి. ఆ పైన చెవి. నవ్వకండి, నిజంగానే చెవి. ర్యాక్ కాస్త ముందుకు లాగి వంగి వినండి. ఉడకని కేక్ లోపల తడి బుడగలు చిటపటమంటూ సన్నగా సడి చేస్తుంటాయి. అయ్యేకొద్దీ ఆ సడి తగ్గిపోతుంది. చచా షాగిర్దులతో అనేవారు, మాట్లాడుతున్నవాణ్ణి మధ్యలో లేపకూడదని.

టూత్‌పిక్ అందరికీ తెలుసు కాబట్టి చివర చెబుతున్నాను. అది మంచి సాక్షే, కానీ ఒంటరిగా సరిపోదు. అంచు దగ్గర గుచ్చితే ఎప్పుడూ శుభ్రంగానే వస్తుంది. మధ్యలో గుచ్చాలి, అడుగుదాకా దిగాలి. తడి పిండి అంటితే కాలేదు. పొడి రవ్వ ఒకటో రెండో అంటినా పర్లేదు. స్పాంజ్ బాగా గుల్లగా ఉంటుంది కాబట్టి పుల్ల ఒక్కోసారి కాస్త ముందే శుభ్రంగా వచ్చేస్తుంది. వేలూ పుల్లా రెండూ ఒకే మాట చెప్పినప్పుడే తీయండి. మరీ ఆలస్యం చేసినా చిక్కే. అంచులు వేలు పట్టేంత దూరం జరిగితే కేక్ ఎండిపోయిందని గుర్తు.

రంగును నేను సాక్షుల్లో చేర్చలేదు, గమనించారా? రంగు పై రాడ్ గురించి చెబుతుంది, లోపలి సంగతి చెప్పదు. పైన ముదిరిపోతూ మధ్యలో ఇంకా గుంట పడుతుంటే, పైన రేకు కాగితం వదులుగా కప్పి, ఇంకో అయిదు నిమిషాలు ఇవ్వండి.

మర్నాడు సాయంత్రం బహూతో కలిసి అదే కేక్ మళ్లీ చేశాం. ఆపా కుర్చీ వేసుకుని కూర్చుంది. టిన్ను అడుగున కాగితం, పక్కలకు నూనె రాసి మైదా చల్లి ముందే సిద్ధం చేశాం. ర్యాక్ కింది నుంచి రెండో మెట్టుకు మార్చాం. 5.10కి ఓవెన్ ఆన్ చేశాం. స్టెబిలైజర్ మీద 196. రాడ్లు మొదటిసారి ఆరింది 5.25కి. గుడ్లు గిలకొట్టడం అప్పుడు మొదలుపెట్టమన్నాను. 5.35కి రాడ్లు రెండోసారి ఆరాయి. ఆ వేళకు నురగ ధారకట్టింది. మైదా కలిపి, టిన్నులో పోసి, 5.39కి లోపల పెట్టాం. తలుపు తీసి మూయడానికి పట్టింది మూడు సెకన్లు.

22 నిమిషాలకు వాసన వచ్చింది. బహూ చేయి తలుపు మీదికి పోయింది, ఆగమన్నాను. 28కి తీసి నొక్కింది. పైన రంగు ముచ్చటగా ఉంది, కానీ గుంట లేవలేదు, చిన్నగా సడి వినిపిస్తోంది. తలుపు మూసింది. ఈసారి నేను చెప్పకుండానే. 32కి మళ్లీ చూసింది. వేలు తీయగానే పైకి లేచింది, అంచు గోడను వదిలింది, పుల్ల పొడిగా వచ్చింది. బయటికి తీశాం. పది నిమిషాలు టిన్నులో వదిలి, తిరగేసి, కాగితం తీశాం. కోస్తే అడుగు నుంచి పైదాకా ఒకే గుల్ల. నిన్న 35 నిమిషాలకు పచ్చిగా ఉన్న కేక్ ఇవాళ 32కే అయింది. చేయి అదే, గుడ్లు అవే, ఓవెన్ అదే.

"ఓవెన్ లేనివాళ్లం, మాకేం చెబుతావు భాయ్" అంది పక్కింటి ఖాలా. ఆమెకూ ఇదే లెక్క. మందపాటి పాత దేగ్చీలో అడుగున అంగుళం ఉప్పు పోసి, పైన స్టాండ్ పెట్టి, మూత పెట్టి, మధ్యస్థంగా మంట ఉంచి పది, పదిహేను నిమిషాలు ముందే వేడి చేయాలి. తర్వాత టిన్ను పెట్టి మంట తగ్గించాలి. అందులో మూత మీద నిప్పులు లేవు కాబట్టి పైన రంగు రాదు. తెల్లగా ఉందని ఇంకా ఉడికిస్తూ పోతే అడుగు మాడుతుంది. అక్కడ వేలూ పుల్లే సాక్షులు.

ఒక మాట చెప్పి ముగిస్తాను. "ఆమె చేతిలో లేదు" అన్న మాట మన ఇళ్లలో చాలా తేలిగ్గా అనేస్తాం. అన్నవాళ్లు మర్చిపోతారు, విన్నవాళ్లు మర్చిపోరు. ఓవెన్ మీద మళ్లీ ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పేస్తారు. కేక్ కుంగితే దాన్ని కోసి చూడండి. అడుగున పట్టీ ఉంటే ఓవెన్ వేడెక్కలేదు, లేదా పిండి ఆగిపోయింది. మధ్యలో పచ్చిగా ఉండి కుంగితే ముందే తీశారు. నడుము ఉబ్బి పగిలితే వేడి ఎక్కువైంది, లేదా పై రాడ్‌కు దగ్గరైంది. జవాబు ఆ ముక్కలోనే ఉంటుంది, బహూ చేతి గీతల్లో ఉండదు.

ఆ సాయంత్రం ఆ పెద్దావిడ రెండు ముక్కలు తిన్నారు. ఏమీ అనలేదు. మూడో ముక్క మనవడి కోసమని కాగితంలో చుట్టుకుని తీసుకెళ్లారు.